లీటర్ నెయ్యి 399కే వచ్చింది, రేటు చూపించి కేసు వేయొచ్చా?

"సార్, మా ఏరియాలో కొత్త షాపులో ప్యూర్ ఆవు నెయ్యి లీటర్ టిన్ 399 అంటే రెండు కొన్నాను, బిల్లు ఉంది. ఒకటి ఓపెన్ చేస్తే నెయ్యి వాసనే లేదు. అడిగితే 'ఆ రేటుకి ఇంకేమొస్తుందమ్మా' అన్నాడు. అంత తక్కువ రేటే ప్రూఫ్ కదా? అక్కడే తేనె కూడా చవగ్గా ఉంది, కొనొచ్చా?"

ప్రూఫ్ కాదండీ. తక్కువ రేటుకి అమ్మడం నేరమూ కాదు, కల్తీకి సాక్ష్యమూ కాదు, కానీ మూత తీయకముందే జాగ్రత్తపడమని మాత్రం చెప్తుంది.

ముందు లెక్క సరిగ్గా వేద్దాం, చాలామంది ఇక్కడే పొరబడతారు. లీటర్ అంటే కిలో కాదు, లీటర్ నెయ్యి సుమారు 910 గ్రాములే తూగుతుంది, అంటే మీ 399 కిలోకి దాదాపు 438. ఇప్పుడు 4 శాతం వెన్న ఉన్న ఆవు పాలు తీసుకుంటే కిలో నెయ్యికి సుమారు 25 లీటర్లు కావాలి, లీటర్ 40 అనుకున్నా పాలకే వెయ్యి రూపాయలు. డెయిరీ వాళ్ళు వెన్న తీసిన పాలని కూడా అమ్ముకుంటారు కాబట్టి అందులో సగం వెనక్కి వచ్చిందనుకోండి, ఇంకా 500 మిగిలింది, దానిమీద కాచడం, టిన్ను, రవాణా, జీఎస్టీ, షాపతని మార్జిన్. 438కి ఎలా ఇస్తున్నాడు? 2025 సెప్టెంబర్ 22 నుంచి నెయ్యి మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది కాబట్టి కొంచెం తగ్గడం మామూలే, ఇంత గ్యాప్‌కి మాత్రం ఆఫర్ అనో పాత స్టాక్ అనో ఏదో కారణం చెప్పాలి కదా.

అయినా ఈ లెక్క మీదే కేసు నిలబడదు. తిరుమల లడ్డూ నెయ్యి గొడవే చూడండి, 2024లో కిలో 320 చొప్పున కొన్న నెయ్యి గురించి ఆ రేటుకి నాణ్యమైన నెయ్యి గిట్టుబాటు కాదని అప్పటి ఈఓ శ్యామలరావు గారు బయటికే చెప్పారు, కానీ గొడవంతా గుజరాత్ ఆనంద్‌లోని ల్యాబ్ రిపోర్ట్ చుట్టూనే తిరిగింది, సప్లయర్ కాదన్నాడు, చివరికి సుప్రీంకోర్టు సిట్ వేయాల్సి వచ్చింది. అనుమానం రేటుతో మొదలైనా తేల్చాల్సింది శాంపిలే.

కాబట్టి మీ దగ్గరున్న అసలు ఆస్తి ఆ ఓపెన్ చేయని రెండో టిన్ను. దాన్ని ముట్టుకోకండి, బ్యాచ్ నంబరు, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, బిల్లు కలిపి ఫోటోలు తీసి పెట్టుకోండి. ఓపెన్ చేసిన దాంట్లో నువ్వే ఏదో కలిపావంటే మీ దగ్గర జవాబు ఉండదు. యూట్యూబ్‌లో చూపించే అయోడిన్ టెస్టులు కూడా కోర్టుకి పనికిరావు.

ఫుడ్ సేఫ్టీ చట్టం సెక్షన్ 40 ప్రకారం కొన్నవాళ్ళే ఫీజు కట్టి ఫుడ్ అనలిస్ట్‌తో టెస్ట్ చేయించుకోవచ్చు, ఫెయిలైతే ఫీజు వాపస్, కానీ ఒక మెలిక ఉంది, "నేను దీన్ని టెస్టుకి పంపిస్తా" అని కొనేటప్పుడే షాపతనికి చెప్పాలి. మీరు చెప్పలేదు. అందుకని మీకు ఈజీ దారి, ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌కి బ్యాచ్ నంబరుతో కంప్లైంట్ ఇవ్వడం, ఆయనే షాపుకెళ్ళి అదే బ్యాచ్ శాంపిల్ తీస్తే అనలిస్ట్ 14 రోజుల్లో రిపోర్ట్ ఇవ్వాలి. సబ్‌స్టాండర్డ్ అని తేలితే పెనాల్టీ 5 లక్షల దాకా ఉంటుంది, కాకపోతే ఆ డబ్బు మీకు రాదు.

మీకు డబ్బు కావాలంటే జిల్లా కన్స్యూమర్ కమిషన్, కొన్న రెండేళ్ళలోపు, మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, ఇంత చిన్న కేసుకి కోర్టు ఫీజు లేదు. టెస్ట్ లేకుండా తేలని లోపమైతే కమిషనే మీ టిన్నుని సీల్ చేయించి ల్యాబ్‌కి పంపుతుంది, ఆ ల్యాబ్ ఖర్చు మాత్రం ముందు మిమ్మల్నే కట్టమనొచ్చు.

ఇక రేటు పనికొచ్చేది ఇక్కడండీ. ల్యాబ్‌లో ఫెయిలయ్యాక షాపతను "నేను జాగ్రత్తగానే కొన్నాను, నాకేం తెలుసు" అంటాడు, చట్టంలో ఆ డిఫెన్స్ ఉంది కూడా. అప్పుడు ఎంతకి కొన్నావో బిల్లు చూపించమని అడుగుతాం, 350కి కొని ఉంటే జాగ్రత్తపడ్డానన్న మాట నేనైతే నిలబడనివ్వను. మీతో అన్న "ఆ రేటుకి ఇంకేమొస్తుంది" మాట కూడా అతనికే ఎదురు తిరుగుతుంది. టిన్ను మీద ప్యూర్ ఆవు నెయ్యి అని రాసి అమ్మాక చవక అనేది సాకు కాదు. వీలైతే అదే మాట వాట్సాప్‌లో మళ్ళీ అడిగి రాతలో తెప్పించుకోండి.

తేనె దగ్గర ఈ లెక్క అంత గట్టిగా పనిచేయదు. ఏ పువ్వు, ఏ సీజన్ అన్నదాన్ని బట్టి పెంపకందార్ల దగ్గర నిజమైన తేనే బాగా చవగ్గా దొరుకుతుంది, షుగర్ సిరప్ కలిపి ఖరీదుగా అమ్మేవాళ్ళూ ఉన్నారు. పైగా బరువు తిరకాసు ఇక్కడ రివర్స్, లీటర్ తేనె సుమారు 1.4 కిలోలు, అందుకే సీసా సైజు చూడకుండా గ్రాములకి ఎంతో చూడండి, ప్యాకెట్ మీద యూనిట్ సేల్ ప్రైస్ అని వేస్తారు కదా అదే. చలికాలం గడ్డకట్టిందని మాత్రం కేసు వేయకండి, అసలు తేనె కూడా గడ్డకడుతుంది.