క్రాష్ కాకపోతే చిన్న బగ్గేనా?

ప్రశ్న: మా బిల్లింగ్ వెబ్‌సైట్‌లో లింక్ చివర ఉండే ఇన్‌వాయిస్ నంబరు మారిస్తే వేరే కస్టమర్ బిల్లు తెరుచుకుంటోంది. సివియారిటీ హై అని బగ్ వేశాను. డెవలపర్ ‘ఏదీ క్రాష్ కాలేదు కదా’ అని దాన్ని ‘లో’ చేసేశారు. అసలు సివియారిటీ, ప్రయారిటీ ఎవరు నిర్ణయించాలండీ? – ఒక టెస్టర్, హైదరాబాద్

జవాబు: కారణం రాయకుండా, మీతో మాట్లాడకుండా మార్చడం ఆ డెవలపర్ తప్పు. క్రాష్ అయితేనే పెద్ద బగ్ అనే ఈ లెక్క చాలా టీముల్లో ఉంది. నన్ను అన్నిటికంటే భయపెట్టేది కూడా ఇదే. సమాచారం బయటికి పోయే బగ్గుల్లో ఏదీ ఆగిపోదు, స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు రావు, కస్టమర్ కూడా ఫోన్ చేయడు.

2014 ఏప్రిల్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ అనే బగ్ సంగతే చూడండి. వెబ్‌సైట్ల సమాచారాన్ని రహస్యంగా పంపడానికి వాడే ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో, అడిగినవాళ్లు చెప్పిన డేటా పొడవు నిజమేనా అన్న ఒక్క తనిఖీ పెట్టడం మర్చిపోయారు. దాంతో ఎవరైనా సర్వర్‌ను అడిగితే మెమరీలోంచి ఒక్కోసారి 64 కిలోబైట్ల వరకు ఇచ్చేసేది. సర్వర్ మామూలుగానే నడిచేది, సాధారణ లాగ్‌లో జాడ కూడా ఉండేది కాదు. భద్రతా లోపాల తీవ్రతను కొలిచే సీవీఎస్ఎస్ పద్ధతిలో అప్పటి రెండో వెర్షన్ లెక్కలో దీనికి పడిన స్కోరు 10కి 5.0, అంటే మధ్యస్థం. కానీ ఆ మెమరీలో పాస్‌వర్డ్‌లు, సర్వర్ రహస్య కీలు ఉండొచ్చని తెలిసినవాళ్లు స్కోరు చూసి ఊరుకోలేదు. ఉన్న పని ఆపి ప్యాచ్ వేశారు, సర్టిఫికెట్లు మార్చారు. ఆలోపే కెనడా పన్నుల శాఖ నుంచి దాదాపు 900 మంది సోషల్ ఇన్సూరెన్స్ నంబర్లు పోయాయి. తర్వాత మూడో వెర్షన్ లెక్కలో అదే బగ్‌కు 7.5 వచ్చింది. బగ్ మారలేదు, కొలిచే పద్ధతి మారింది.

సివియారిటీ అంటే ఈ బగ్ వల్ల ఎంత నష్టం జరగగలదన్నది. రిలీజ్ రేపున్నా ఆరు నెలల తర్వాత ఉన్నా అది ఒకటే. దాన్ని టెస్టర్ పెట్టాలి, డెవలప్‌మెంట్ లీడ్ సరిచూడాలి, భద్రతకు సంబంధించినదైతే సెక్యూరిటీ తెలిసినవాళ్లు ఖాయం చేయాలి. డెవలపర్ కాదనొచ్చు, కానీ సాంకేతిక కారణం టికెట్‌లో రాసి కాదనాలి. ప్రయారిటీ అంటే ఎప్పుడు సరిచేయాలన్నది. అది ప్రొడక్ట్ ఓనర్ పని. ఎంత సమయం పడుతుందో డెవలపర్లు, ఎంతమంది ఇబ్బంది పడుతున్నారో సపోర్ట్ వాళ్లు చెబితే, ఏ బగ్ ముందు అని తేల్చే ట్రయాజ్ మీటింగ్‌లో ఆయన నిర్ణయిస్తారు. పదేళ్ల పాత రిపోర్ట్ తెరిస్తే యాప్ ఆగిపోవడం సివియారిటీలో పెద్దదే, ఏడాదికి ఒక్కరే తెరుస్తారు కాబట్టి ఆగొచ్చు. హోమ్ పేజీలో జీఎస్టీ శాతం తప్పుగా చూపిస్తూ బిల్లు మాత్రం సరిగ్గా వస్తుంటే అది అక్షరదోషం లాంటిదే, అయినా ఇవాళే మార్చాలి.

కొన్ని బగ్ ట్రాకర్లు ఒక్క ప్రయారిటీ గడినే ఇచ్చి సరిపెడతాయి. అది నాకు అస్సలు నచ్చదు. బగ్ కనబడాలంటే టెస్టర్‌కు వేరే దారి లేక అన్నీ ‘హై’ అని పెడతాడు, చివరికి ఆ గడిని ఎవరూ నమ్మరు. సివియారిటీకి ఇంకో గడి పెట్టించుకోండి, ఐదు నిమిషాల పని.

ఇక మీ బగ్. ‘డేటా లీక్’ అని ఒక్క మాట రాస్తే వాదన నిలబడదు. లాగిన్ లేకుండా కూడా బిల్లు తెరుచుకుంటోందా, నంబర్లు వరుసగా ఉన్నాయా, బిల్లులో పేరు, ఫోన్, చిరునామా ఉన్నాయా, చూడటమే కాకుండా మార్చడం, తొలగించడం కూడా కుదురుతోందా అన్నది రాయండి. వరుస నంబర్లయితే చిన్న స్క్రిప్ట్‌తో అందరి బిల్లులూ లాగేయొచ్చు, అప్పుడది ఒక కస్టమర్ సమస్య కాదు. పరీక్షకు మీరే రెండు టెస్ట్ అకౌంట్లు తెరిచి ఒకదానిలోంచి రెండోదాని బిల్లు అడగండి, నిజమైన కస్టమర్ల బిల్లులు తెరవకండి. నంబర్లను ఊహించలేని విధంగా మార్చేశాం అంటే ఒప్పుకోకండి. అడుగుతున్నవాడు ఆ బిల్లు యజమానేనా అని సర్వర్ ప్రతిసారీ చూడాలి.

ఇలాంటి బగ్‌ను వాయిదా వేసే అధికారం ఒక్క ప్రొడక్ట్ ఓనర్ చేతిలో పెట్టకూడదని నా అభిప్రాయం. వాయిదా వేస్తే ఎవరు ఒప్పుకున్నారో, ఏ తేదీలోపు సరిచేస్తారో టికెట్‌లో పేరుతో సహా ఉండాలి. వీటన్నిటికంటే ముందు ఆ టికెట్‌ను కంపెనీలో అందరికీ కనబడకుండా పరిమితం చేయించండి. ఆ లింక్ ఎలా మార్చాలో అందులోనే రాసి ఉంది.