‘ఫస్ట్ టైమ్’ తర్వాత ‘హావ్’ ఎందుకు వస్తుంది?

ప్రశ్న: “దిస్ ఈజ్ ద ఫస్ట్ టైమ్ ఐ యామ్ కమింగ్ హియర్” అని రాస్తే మా సార్ తప్పన్నారు, “ఐ హావ్ కమ్” అని దిద్దారు. నేను ఇప్పుడే కదా వస్తున్నది? “ద బెస్ట్ ఫిల్మ్ ఐ హావ్ సీన్”లో ‘హావ్’ రావడానికీ ఇదే కారణమా?

జవాబు: అవును, రెండింటికీ కారణం ఒకటే. డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంటాను కాబట్టి, ఈ వాక్యం ప్రతి ఏటా నా బల్ల మీదికి వస్తుంది. ‘ఫస్ట్ టైమ్ వస్తే హావ్ పెట్టు’ అని సూత్రంలా నేర్చుకున్నవారు మరో చోట దెబ్బతింటారు, అందుకే కారణం చెబుతాను.

మీరు ‘ఫస్ట్ టైమ్’ అన్నప్పుడు ఇంగ్లీషు వాక్యం మీరు వస్తున్న పనిని చూపించడం లేదు, లెక్క చెబుతోంది. పుట్టినప్పటి నుంచి ఈ క్షణం వరకు ఎన్నిసార్లు వచ్చారు? ఒకసారి. ఆ ఒకటి ఇప్పటి ఈ రాకే. గతంలో మొదలై ఇప్పటిదాకా సాగే లెక్కకు ఇంగ్లీషులో ఉన్న రూపం ప్రెజెంట్ పర్ఫెక్ట్. “దిస్ ఈజ్ ద థర్డ్ టైమ్ యూ హావ్ ఆస్క్‌డ్ మీ” అన్నప్పుడు ఇది మరీ తేటగా తెలుస్తుంది: మూడుసార్లలో రెండు ఎప్పుడో అయిపోయాయి, కాబట్టి ‘ఆర్ ఆస్కింగ్’ ఒక్కటే ఆ మూడింటినీ మోయలేదు. మనకు ఈ చిక్కు తెలుగులో ఎదురుకాదు. ‘నేను ఇక్కడికి రావడం ఇదే మొదటిసారి’ అంటాం, ‘రావడం’లో కాలమే లేదు. ఇంగ్లీషులోకి వెళ్లేసరికి కాలం ఎంచుకోక తప్పదు, అప్పుడు కళ్ల ముందున్న వర్తమానం చేతికి వస్తుంది.

ఒక ఉదాహరణ చూడండి. మొదటిసారి హైదరాబాద్ వచ్చిన అమ్మాయిని ఇంటర్వ్యూలో “ఇంతకుముందు వచ్చారా?” అని అడిగారు. “నో, దిస్ ఈజ్ ద ఫస్ట్ టైమ్ ఐ హావ్ బీన్ హియర్” అన్నది సరైన జవాబు. ఏడాది తర్వాత అదే సంగతి స్నేహితురాలికి చెబుతుంది: “ఇట్ వాజ్ ద ఫస్ట్ టైమ్ ఐ హాడ్ బీన్ దేర్.” లెక్క ఆగిన చోటు ఆనాటికి జరిగింది కాబట్టి ‘ఈజ్’ ‘వాజ్’ అయింది, దానితోపాటే ‘హావ్’ ‘హాడ్’ అయింది. ఆమెకు లెక్క అవసరం లేదు, ఎప్పుడు వచ్చిందో చెబితే చాలు అనుకుందాం. అప్పుడు “ఐ కేమ్ టు హైదరాబాద్ ఫర్ ద ఫస్ట్ టైమ్ ఇన్ 2019” అంటుంది. ‘ఫస్ట్ టైమ్’ ఉంది, ‘హావ్’ లేదు. సంవత్సరం చెప్పగానే సింపుల్ పాస్ట్ వస్తుంది. “ద ఫస్ట్ టైమ్ ఐ సా ద సీ, ఐ వాజ్ స్కేర్డ్”లో కూడా అంతే. అక్కడ ‘ఫస్ట్ టైమ్’ అంటే ‘మొదటిసారి చూసినప్పుడు’ అని అర్థం, లెక్క కాదు. సూత్రం బట్టీపట్టినవారు పడేది సరిగ్గా ఇక్కడే.

ఇక సినిమా. ‘ఉత్తమమైనది’ అనాలంటే దేనిలో ఉత్తమమో ఒక గుంపు కావాలి. “ద బెస్ట్ ఫిల్మ్ ఐ హావ్ సీన్”లో ఆ గుంపు మీరు ఇప్పటివరకు చూసిన సినిమాలన్నీ. రేపు ఇంకొకటి చూస్తే అదీ అందులో చేరుతుంది, అంటే గుంపు ఇంకా తెరిచే ఉంది. “ద బెస్ట్ ఫిల్మ్ ఐ సా లాస్ట్ ఇయర్”లో గుంపు మూసుకుపోయింది, కాబట్టి ‘సా’ సరైనది. తెలుగులో ‘నేను చూసిన’ అన్న ఒక్క మాటే రెండింటికీ సరిపోతుంది కాబట్టి తేడా కనిపించదు. అనుమానం వస్తే ఆ ‘చూసిన’ ముందు ‘ఇప్పటివరకు’ పెట్టి చూడండి. పొసిగితే ‘హావ్ సీన్’. ‘పోయిన ఏడాది’ లాంటి మాటే పొసిగితే ‘సా’.

ఈ వాక్యంలో ‘ఇప్పటివరకు’ అన్న అర్థాన్ని గట్టిగా చెప్పడానికి ‘ఎవర్’ కూడా చేరుస్తారు, కానీ మనవాళ్లు దానికి బదులు ‘నెవర్’ పెట్టడం చాలా చూశాను. “ద బెస్ట్ ఫిల్మ్ ఐ హావ్ నెవర్ సీన్” అంటే మీరు అసలు చూడని గొప్ప సినిమా అవుతుంది! ‘ఎవర్’ రాయాలి, అదీ ‘హావ్’కూ ‘సీన్’కూ మధ్య.

చివరగా ఒక మినహాయింపు. అమెరికన్ల మాటల్లో “ద బెస్ట్ మూవీ ఐ ఎవర్ సా” మామూలుగా వినిపిస్తుంది, “దిస్ ఈజ్ ద ఫస్ట్ టైమ్ ఐ యామ్ హియరింగ్ దిస్” కూడా వినిపిస్తుంది. ఎవరైనా అలా మాట్లాడితే తప్పుపట్టకండి. వ్యాకరణ పరీక్షలో వాక్యాన్ని సరిచేయమంటే మాత్రం ‘హావ్’ ఉన్న రూపమే రాయండి. మీ సార్ దిద్దింది సరైనదే.