‘1వ భాగం’, ‘భాగం 1’, ‘మొదటి భాగం’: ఏది ఎక్కడ?

సందేహం: నేను ఇన్‌స్టాగ్రామ్‌లో తెలుగు సంధుల గురించి ఐదు భాగాల క్యారౌసెల్ వరుస పెడుతున్నాను. మూడవది ఉకార సంధి గురించి; దాని మీద ‘3/5’ అని గుర్తు వేశాను. ‘పార్ట్ 1’, ‘1వ భాగం’, ‘భాగం 1’, ‘ఒకటవ భాగం’లలో ఏది సరైనది? మధ్యలో వచ్చినవారు, కొన్నాళ్లకు తిరిగి వచ్చినవారు ఏది ముందో, ఏది వెనకో తెలియడం లేదంటున్నారు.

సమాధానం: తెలుగులో విశేషణం విశేష్యానికి ముందు వస్తుంది కనుక వాక్యంలో ‘రెండవ భాగం’ అనడమే సహజం. ‘రెండు’కు ‘అవ’ అనే ప్రత్యయం చేరి ‘రెండవ’ అవుతుంది. ‘రెండు’ చివరి ఉకారం లోపించడం మీ మూడవ భాగంలోని ఉకార సంధికి సంబంధించినదే కనుక, దీన్ని అక్కడ ఉదాహరణగా చూపవచ్చు. వ్యవహారంలోని ‘రెండో’ కూడా తప్పు కాదు. అయితే వరుస మొత్తంలో ఒకే రూపాన్ని పాటించాలి.

చిక్కంతా ఒకటితోనే. క్రమంలో ముందున్నదాన్ని మనం ‘మొదటి’ అంటాం. కానీ అంకె పేరులా స్థిరపడిన చోట ‘ఒకటో తరగతి’, ‘ఒకటో తేదీ’ అంటాం. కాబట్టి ‘ఒకటవ భాగం’ వ్యాకరణ దోషం కాదు, చెవికి కొత్తగా వినిపిస్తుందంతే. ‘1వ భాగం’ అని రాస్తే కొందరు ‘ఒకటవ’ అనీ, కొందరు ‘మొదటి’ అనీ చదువుకుంటారు. అందువల్ల మొదటిదాన్ని అక్షరాలలో ‘మొదటి భాగం’ అని రాయడం మేలని నా అభిప్రాయం. వరుస ఇరవై దాటితే మాత్రం ‘ఇరవై ఒకటవ’ అనాలి. అక్కడ ‘మొదటి’ చెల్లదు.

‘భాగం 2’ అన్నది వాక్యం కాదు, చీటీ వంటిది. ‘పేజీ 12’, ‘గది 4’ అని రాసినట్టే ముఖచిత్రం మీద దాన్ని నిస్సంకోచంగా వాడవచ్చు. అంకె చివరన ఉండడం వల్ల వెతికే కంటికి వెంటనే దొరుకుతుంది. దాన్ని వాక్యంలోకి తెచ్చినప్పుడే ఇబ్బంది. ‘భాగం 2లో చూశాం’ అంటే విభక్తి భాగాన్ని వదిలి అంకెకు అతుక్కుంటుంది. అక్కడ ‘రెండవ భాగంలో చూశాం’ అనాలి. ‘2వ’ అని రాసేటప్పుడు అంకెకూ ‘వ’కూ మధ్య ఖాళీ వదలకండి. వదిలితే స్లైడ్ ఇరుకులో ‘వ’ ఒంటరిగా కింది పంక్తిలోకి జారి, చదువరిని తికమక పెడుతుంది.

మీ చదువరుల తికమకకు అసలు కారణం ‘3/5’ వంటి గుర్తు కావచ్చు. క్యారౌసెల్ తెరిచినప్పుడు ఇన్‌స్టాగ్రామ్ కూడా పైమూలన ‘1/8’ అన్నట్టుగా స్లైడుల లెక్క చూపిస్తుంది. ఆ పక్కనే మీ ‘3/5’ ఉంటే ఏది స్లైడు సంఖ్యో, ఏది భాగం సంఖ్యో తెలియదు. దాన్ని మాటల్లోకి మార్చి ‘ఐదులో మూడవ భాగం’ అన్నా ప్రమాదమే, ఎందుకంటే అది ఐదులో మూడో వంతు అనే అర్థాన్నీ ఇస్తుంది. ‘ఐదు భాగాలలో మూడవది’ అంటే సందిగ్ధం తొలగుతుంది. ఎన్ని భాగాలవుతాయో ముందే నిశ్చయం కాకపోతే మొత్తం సంఖ్య వేయకండి; ఐదన్నది ఏడైతే పాత ముఖచిత్రాలన్నీ అబద్ధమవుతాయి.

మీ మూడవ భాగాన్నే తీసుకుందాం. ముఖచిత్రం మీద పెద్ద అక్షరాలలో ‘తెలుగు సంధులు: భాగం 3’ అనీ, దాని కింద ‘ఉకార సంధి’ అనీ ఉండాలి. ప్రొఫైల్‌లో కొత్తది ముందుగా కనిపిస్తుంది కనుక మీ వరుస అక్కడ తలకిందులుగా, మూడు, రెండు, ఒకటిగా ఉంటుంది. అందుకే వరుస పేరూ అంకే ప్రతి ముఖచిత్రం మీదా ఒకే చోట ఉండాలి. ముందుకు జరపకుండా వెళ్లిపోయినవారికి ఇన్‌స్టాగ్రామ్ కొన్నిసార్లు అదే పోస్టును రెండవ స్లైడుతో మళ్లీ చూపిస్తుంది; కాబట్టి ఆ స్లైడు పైభాగంలోనూ ‘భాగం 3’ అని చిన్నగా రాయండి.

కొనసాగింపును తెలిపే మాటలు మన వారపత్రికల ధారావాహికలు ఎప్పుడో సిద్ధం చేసి పెట్టాయి. వాటిలో ‘గత సంచిక తరువాయి’ అని ఉండేది. మీరు రెండవ స్లైడులో ‘రెండవ భాగం తరువాయి’ అనండి. చివరి స్లైడులో ‘సశేషం’ అని రాసి, పక్కనే ‘నాలుగవ భాగం: యడాగమ సంధి’ అని చేర్చండి. శేషంతో కూడినది సశేషం, అంటే ఇంకా మిగిలి ఉందని అర్థం. ఐదవ భాగం చివరన ‘సమాప్తం’ అని రాయండి. ముఖచిత్రం మీద మాత్రం అంకె తీసేసి ‘చివరి భాగం’ అని ఊరుకోవద్దు. దానికి ముందు ఎన్ని గడిచాయో కొత్తగా వచ్చినవారికి ఆ మాట చెప్పదు. ‘భాగం 5 (చివరిది)’ అంటే రెండూ తెలుస్తాయి.