పీఎఫ్ వడ్డీ నెలనెలా ఎందుకు కనిపించదు? పావు శాతం అంత ముఖ్యమా?

"విజయవాడ ఆటోనగర్‌లో పని చేస్తున్నా. నెలకి 5,000 పీఎఫ్ పడుతోంది, వడ్డీ మాత్రం కనిపించట్లేదు. 8 అయినా 8.25 అయినా పెద్ద తేడా ఏముంటుంది?"

టెన్షన్ పడకండి తమ్ముడూ. వడ్డీ లెక్క నెలనెలా వేస్తారు, ఖాతాలో మాత్రం ఏడాదికోసారే కలుపుతారు. ఈ నెల పడిన సొమ్ముకి వచ్చే నెల నుంచి వడ్డీ మొదలవుతుంది. అంటే ఏడాదిలో మొదటి 5,000కి 11 నెలల వడ్డీ, చివరిదానికి సున్నా. 8.25 శాతం లెక్కన మొదటి ఏడాది మొత్తం వడ్డీ సుమారు 2,269 రూపాయలు. మార్చి 31 తేదీతో అది అసలులో కలుస్తుంది, వడ్డీ మీద వడ్డీ అక్కడి నుంచే. ప్రభుత్వం రేటు నోటిఫై చేశాకే జమ చేస్తారు కాబట్టి పాస్‌బుక్‌లో నెలల తరబడి ఆలస్యం కావచ్చు. దాని వల్ల మీకు నష్టం లేదు.

నష్టం వచ్చేది మీ కంపెనీ సొమ్ము ఆలస్యంగా కడితేనే. అందుకే వడ్డీ కంటే ముందు ప్రతి నెలా జమ పడుతోందో లేదో చూడండి.

ఇక పావు శాతం సంగతి. ఇదే 5,000 ముప్పై ఏళ్లు మారకుండా కట్టారనుకుందాం, మీరు వేసేది 18 లక్షలు. 8 శాతానికి దాదాపు 70.5 లక్షలు, 8.25కి 73.9 లక్షలు అవుతాయి. అంటే పావు శాతానికే ముప్పై ఏళ్లలో దాదాపు 3.4 లక్షల తేడా. మొదటి ఏడాది మాత్రం 8కి, 8.25కి తేడా 69 రూపాయలే, మన బెంజ్ సర్కిల్ దగ్గర ఒక టిఫిన్ ఖర్చు! మధ్యలో ఉద్యోగం మారి డబ్బు తీసేస్తే మాత్రం ఈ లెక్క మళ్లీ ఆ 69 దగ్గరే మొదలవుతుంది. అందుకే డబ్బు తీయకుండా కొత్త కంపెనీ పీఎఫ్ ఖాతాకి ట్రాన్స్‌ఫర్ పెట్టుకోండి.