పాత ర్యాలీ సైకిలు కొనబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

పాత సైకిళ్లు కొని, బాగుచేయించి, వాటిని సేకరించేవాళ్లకు అమ్మే పని మొదలుపెడుతున్నావని, మొదటి బేరంగా రాజమండ్రిలో ఒక ర్యాలీని చూసి వచ్చావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన కొట్టు మూతపడిన తరువాత ఇంట్లో ఎవరికీ గ్రీజు మరక అంటదనుకున్నాను కనుక, ఆ మాట విని గర్వపడ్డాను. అయితే అమ్మేవాడు అది 1935 నాటిదని, వెనక చక్రం నడుమ ఉండే హబ్ మీద సంవత్సరం కొట్టి ఉందని చెప్పాడట. ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసు కుదురుగా లేదు. నీవు బయానా ఇచ్చేలోపే ఈ ఉత్తరం చేరాలని వెంటనే రాస్తున్నాను.

ముందుగా ఆ హబ్ సంగతి చూద్దాం. మీ అమ్మ చెప్పినదాన్ని బట్టి అది స్టర్మీ ఆర్చర్ కంపెనీ మూడు గేర్ల హబ్, దాని మీద ‘ఏడబ్ల్యూ’ అనే అక్షరాలు, పక్కన 5 అంకె ఉన్నాయి. ఏడబ్ల్యూ అనే ఆ మోడలు మొదలైందే 1936లో. కాబట్టి 1935 నాటి ఏడబ్ల్యూ హబ్ అనేది ఉండదు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు వాళ్లు సంవత్సరానికి ఒకే అంకె కొట్టేవారు. ‘ఏడబ్ల్యూ 8’ అని ఉంటే 1938 అని అర్థం. యుద్ధం తరువాత సంవత్సరానికి రెండంకెలు, వాటితో పాటు నెల సంఖ్య కూడా కొట్టారు. ఏది నెల, ఏది సంవత్సరం అని తడబడకు, పన్నెండు దాటినది సంవత్సరమే. నీవు చూసిన 5 పక్కన ఇంకో అంకె ఉండి, చువ్వల మధ్య మసిగుడ్డ రాపిడికో, ఎవరో ఎమరీ కాగితంతో రుద్దడానికో అరిగిపోయి ఉంటుందని నా అనుమానం. అప్పుడది 1950లలోని హబ్ అవుతుంది. అమ్మేవాడు అబద్ధం చెప్పాడని నేను అనను, కనిపించిన అంకెనే అతను చదివి ఉండవచ్చు.

దాన్ని చదవడానికి వైర్ బ్రష్ వాడవద్దు, అది ఉన్న అంకెను కూడా తినేస్తుంది. కిరసనాయిలులో తడిపిన గుడ్డతో జిడ్డు తుడిచి, టార్చిలైటును పక్క నుంచి ఏటవాలుగా వేసి చూడు. అప్పటికీ తేలకపోతే పలుచని కాగితాన్ని హబ్ మీద చుట్టి, పెన్సిలును పడుకోబెట్టి మెల్లగా రుద్దితే కంటికి ఆనని గీత కూడా కాగితం మీదికి వస్తుంది.

అంకె స్పష్టంగా తేలినా, అది చెప్పేది హబ్ పుట్టిన సంవత్సరమే తప్ప సైకిలు పుట్టిన సంవత్సరం కాదు. మన ఊళ్లలో సైకిలు మీద ధాన్యం బస్తాలు, పాల క్యాన్లు, కొత్త పెళ్లికూతుళ్లు అన్నీ ప్రయాణం చేశాయి కాబట్టి వెనక చక్రం ఎన్నిసార్లు మారిందో ఎవరూ లెక్క చెప్పలేరు. ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకో. ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 చువ్వలు ఉన్నాయి కాబట్టి ఇది అసలు ఇంగ్లండు సరుకేనని కొందరు బేరగాళ్లు ఘనంగా చెబుతారు. మన దేశంలో తయారైన మామూలు సైకిళ్లకూ అదే లెక్క ఉంటుంది కనుక దాన్ని పట్టించుకోకు.

అందుకే నేను ఎప్పుడూ ఫ్రేము దగ్గర మొదలుపెడతాను. గొట్టాలు కలిసే చోట ఉండే లగ్గులను వేలితో తడిమి చూడు. ర్యాలీ వాళ్లు తమ సైకిలును పూర్తిగా ఉక్కుతో చేసినదని ప్రకటించుకునేవారు. పోత ఇనుము లగ్గులు కాకుండా ఉక్కు రేకును అచ్చులో ఒత్తి చేసిన లగ్గులు వాడతామని వాళ్ల గర్వం. ఒత్తిన లగ్గు అంచు పలుచగా, ఒకే మందంతో గొట్టానికి అతుక్కుని ఉంటుంది. పోతపోసినది మందంగా, కొంచెం గరుకుగా తగులుతుంది. మందపాటి రంగు కింద ఈ తేడా దాగిపోతుంది కనుక దీని మీద ఒక్కదాని మీదే తీర్పు చెప్పకు. ముందు ఫోర్కు భుజాల మీద గొట్టాల చివర గుండ్రటి తొడుగులు కనిపించడం ర్యాలీకి మరో గుర్తు. హంబర్ కంపెనీ సైకిలైతే ఫోర్కుకు రెండు వైపులా జంట గొట్టాలు ఉంటాయి. రడ్జ్ కంపెనీదైతే చైన్‌వీల్‌లోనే అరచేయి గుర్తు ఉంటుంది. ఇక హెడ్ బ్యాడ్జి మీది కొంగ బొమ్మను చివరగా నమ్ము, రెండు మేకులు ఊడదీస్తే అది ఏ సైకిలుకైనా ఎక్కుతుంది.

ఆ మాట ఊరికే అనలేదు. మీ నాన్న సైకిలు కథ నీకు ఎవరూ పూర్తిగా చెప్పి ఉండరు. బావగారు ఒకసారి బందరు వెళ్లి, ఒక పాత సామాన్ల వ్యాపారి దగ్గర ర్యాలీ కొని తెచ్చారు. వెనక హబ్ మీద ‘ఏడబ్ల్యూ 8’ అని ఎవరైనా చదవగలిగేటంత స్పష్టంగా ఉంది. కొంగ బ్యాడ్జి మెరుస్తోంది. సీటు బ్రూక్స్ తోలు సీటు, పెద్ద రాగి రివెట్లతో ఉంది. నాకు చూపించకుండానే అప్పు చేసి మరీ కొన్నారు. నేను అడిగితే, నీవు ప్రతిదానికీ వంకలు పెడతావు అన్నారు. పాత సైకిళ్లు సేకరించే ఒక పెద్దమనిషి బెంగళూరు నుంచి వస్తున్నాడని, ఇల్లంతా కడిగించి కాఫీ ఫిల్టరు కూడా సిద్ధం చేయించారు.

ఆ వచ్చినాయన హబ్ వైపు చూడనే లేదు. హెడ్ గొట్టం ముందు మోకాళ్ల మీద కూర్చుని, బ్యాడ్జిని పట్టి ఉంచినవి రివెట్లు కాదని, చిన్న మరమేకులని గమనించి, విప్పి చూడవచ్చా అని అడిగాడు. బ్యాడ్జి తీయగానే దాని కింద ఇంకో రెండు రంధ్రాలు కనిపించాయి. వాటిని లప్పంతో పూడ్చి, పైన నల్ల రంగు వేశారు. వాటి మధ్య దూరం ఈ బ్యాడ్జి రంధ్రాల దూరం కంటే ఎక్కువ. అంటే ఆ ఫ్రేము మీద ముందు వేరే కంపెనీ బ్యాడ్జి ఉండేదన్నమాట. తరువాత ఎడమ క్రాంకును ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను తీయించి, పెడళ్ల ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్ ఎడమ కప్పును విప్పి, మర కొలిచే పళ్ల గేజిని దాని మీద పెట్టాడు. అంగుళానికి 24 చుట్లు వచ్చాయి. నాటింగ్‌హామ్‌లో ర్యాలీ కర్మాగారం చేసిన ఫ్రేముల కప్పులకు అంగుళానికి 26 చుట్లు ఉంటాయి. బ్రిటన్‌లో మిగతా కంపెనీలు చాలావరకు 24 చుట్ల మర వాడాయి, మన దేశపు సైకిళ్లలో కూడా ఎక్కువగా ఉండేది అదే. ఆ ఫ్రేము బర్మింగ్‌హామ్‌దో, మన దేశంలో తయారైనదో ఆయన కూడా తేల్చలేదు గాని, ర్యాలీ మాత్రం కాదని తేలిపోయింది. వెనక చక్రాన్నీ సీటునూ న్యాయమైన ధర ఇచ్చి కొనుక్కుని, కాఫీ తాగి వెళ్లాడు. మిగిలిన ఫ్రేముకు మీ నాన్న మామూలు చక్రం వేయించుకున్నారు. నిన్ను చిన్నప్పుడు ముందు గొట్టం మీద కూర్చోబెట్టుకుని బడికి దింపిన సైకిలు అదే.

ఈ పరీక్షకు గేజి లేకపోతే కప్పు మర పక్కన స్కేలు పెట్టి అర అంగుళంలో చుట్లు లెక్కపెట్టు. 13 వస్తే నాటింగ్‌హామ్ మర, 12 వస్తే కాదు. కుడి కప్పు జోలికి పోవద్దు, దానికి ఎడమ చేతి మర ఉంటుంది, తెలియక తిప్పితే మరింత బిగుస్తుంది. 26 వచ్చినంత మాత్రాన ఆ సైకిలు ర్యాలీయే అయిపోదని కూడా తెలుసుకో. హంబర్ సైకిళ్లు 1932లో, రడ్జ్ 1943లో ర్యాలీ చేతికి వచ్చాయి కనుక ఆ తరువాతి వాటి ఫ్రేములు కూడా నాటింగ్‌హామ్ మరతోనే ఉండవచ్చు. అప్పుడు ఫోర్కు, చైన్‌వీల్ చూసి పేరు నిర్ణయించుకోవాలి.

సీటు విషయంలో నేను మొండివాడిని. సీటు చూసి సంవత్సరం చెప్పేవాడిని నమ్మను, ఎందుకంటే ఒక్క స్పానరుతో ఐదు నిమిషాల్లో మారిపోయే భాగం అది. బర్మింగ్‌హామ్‌లో బ్రూక్స్ కంపెనీ 1866లో మొదలైంది, వాళ్ల తోలు సీట్లలో కొన్ని మోడళ్లు దశాబ్దాల పాటు పెద్దగా మారకుండా వచ్చాయి. అందువల్ల రాగి రివెట్లు, బలమైన స్ప్రింగులు కనిపిస్తే ఇది ఈ సైకిలుకు తగిన తరహా సీటు అని మాత్రమే అనుకోవచ్చు. తోలు బదులు రెక్సిను కప్పిన పరుపు సీటు ఉంటే అది తరువాత మార్చినది కావచ్చు, చవక మోడలుకు మొదటి నుంచీ ఉన్నదీ కావచ్చు. అయినా మంచి తోలు సీటుకు విడిగా గిరాకీ ఉంటుంది కనుక దాని కింద కంపెనీ ముద్ర, రివెట్ల చుట్టూ చీలికలు, ముక్కు దగ్గర బిగించే బోల్టులో ఇంకా మర మిగిలి ఉందా అన్నవి చూడు. ఎండిన తోలుకు వంటనూనె పట్టిస్తే రెండు రోజులు మెరిసి, తరువాత ఊయలలా సాగిపోతుంది. దయచేసి ఆ పని చేయకు.

బాగుచేయించి అమ్ముతానన్నావు చూడు, నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది ఆ మాట. ఏ పెయింటరు దగ్గరికి తీసుకెళతావు తల్లీ? బ్రషుతో గీసిన బంగారు గీతలు, వెలిసిపోయిన అక్షరాల స్టిక్కర్లు, లగ్గుల అంచుల దగ్గర కొద్దిగా తేలిన ఇనుము, ఇవన్నీ సేకరించేవాడు డబ్బు పెట్టే వస్తువులు. స్ప్రే పెయింటు కొట్టించి, హ్యాండిలును కొత్తగా క్రోమింగ్ చేయించిన సైకిలు ఫోటోలో బాగుంటుంది, కాని దాని మీద ఏది అసలో చెప్పే సాక్ష్యం అంతా ఆ పనిలోనే పోతుంది. ఫ్రేము నంబరు కూడా రంగు కింద పూడిపోతుంది. జిడ్డు తీయి, బేరింగులకు గ్రీజు పెట్టించు, టైర్లు వేయించు. అంతకు మించి చేయి వేయకు. అసలు రంగు, అసలు చక్రాలు ఉన్న 1950ల ర్యాలీ, రంగు మార్చి ముక్కలు కలిపిన ‘1935’ కంటే ఎక్కువమందికి కావాలి. నీ రాజమండ్రి సైకిలు 1950లదేనని తేలినా దాన్ని వదులుకోవలసిన పని లేదు. 1935 అనే మాటకు అతను వేసిన ధరను మాత్రం తగ్గించమని అడుగు.

వచ్చే ఆదివారం మళ్లీ వెళతావు కనుక హబ్ అక్షరాలు, బ్యాడ్జి పట్టి ఉన్న మేకులు, ఫోర్కు భుజాలు, సీటు కింది ముద్ర, వీటి ఫోటోలు దగ్గర నుంచి తీసి పంపు. ఎడమ క్రాంకు విప్పి చూపించమని మర్యాదగా అడుగు; ఒప్పుకోకపోతే మామూలు పాత సైకిలుకు ఇచ్చే ధరే చెప్పి బయటికి రా. కాటర్ పిన్నును ఉత్త సుత్తితో కొడితే వంగుతుంది, బేరింగు దెబ్బతింటుంది. క్రాంకు కింద ఆనించి పెట్టడానికి నేను వాడిన ఇనుప గొట్టం, సుత్తి, మర గేజి మూడూ రేపు బస్సు పార్సిలులో వేస్తున్నాను. గొట్టాన్ని పిన్ను మందపాటి చివర వైపు పెట్టి, మరలున్న చివరన నట్టును రెండు చుట్లు ఉంచి దాని మీద కొట్టాలి. అది అర్థం కాకపోతే అక్కడి నుంచే వీడియో కాల్ చేయి.

మీ మామయ్య