టెక్ సందేహాలు: ‘తొందరగా కడితే 2 శాతం తగ్గింపు’ లాభమేనా?

ప్రశ్న: విజయవాడలో ఎలక్ట్రికల్ సామాన్ల హోల్‌సేల్ మాది. పది రోజుల్లో కట్టే షాపులకు 2 శాతం తగ్గిద్దామనుకుంటున్నాం. ఓడీకి బ్యాంకు 12 శాతం వడ్డీ వేస్తోంది కాబట్టి ఇది మాకు లాభమే కదా? బిల్లింగ్ యాప్‌లో ఎలా పెట్టాలి?

జవాబు: లాభమని అప్పుడే అనుకోకండి. మీ 12 శాతం ఏడాదికి, ఆ 2 శాతం మాత్రం కొన్ని రోజులకే. లక్ష రూపాయల బిల్లు తీసుకోండి. 45వ రోజున రావాల్సిన డబ్బు పదో రోజునే వస్తే మీ చేతికి 98,000 పడుతుంది. అంతే సొమ్ము 35 రోజులు ఓడీలో వాడుకుంటే వడ్డీ 1,128 దాటదు. మీరు వదులుకునేది 2,000. ఏడాది లెక్కన 21 శాతం పైమాటే!

ఎక్సెల్‌లో B2లో తగ్గింపు శాతం % గుర్తు లేకుండా 2 అని, B3లో డబ్బు మామూలుగా వచ్చే రోజు, B4లో తగ్గింపు గడువు వేసి, ఫలితాన్ని శాతంగా చూడండి:

```
=B2/(100-B2)*365/(B3-B4)
```

B3లో బిల్లు మీద అచ్చేసిన గడువు వేయకండి. లెడ్జర్ తీసి ఆ షాపు నిజంగా ఎన్నో రోజున కడుతోందో చూసి అది వేయండి. 75వ రోజుకు గానీ కట్టని పార్టీ అయితే జవాబు 11.5 శాతం దగ్గర వస్తుంది, అప్పుడు తగ్గించొచ్చు. 72 రోజులకు అటూ ఇటూగా రెండూ సమానం. చిక్కేమిటంటే అంత ఆలస్యం చేసేవాళ్లు పది రోజుల్లో కట్టడం అరుదు. ఎలాగూ వారంలో కట్టేసే మంచి పార్టీలే ముందు ఆ 2 శాతం పట్టుకుపోతాయి. అందుకే అందరికీ ప్రకటించకుండా పార్టీని బట్టి ఇవ్వండి.

ఇక యాప్ సంగతి. చాలావాటిలో తగ్గింపు గడికి తేదీతో సంబంధమే ఉండదు. అంత డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ గడువు చూసుకోకపోతే ఎందుకు? డమ్మీ బిల్లు చేసి, పదకొండో రోజు తేదీతో రసీదు వేసి చూడండి. అప్పుడూ 2 శాతం తీసేస్తుంటే ఆటోమేటిక్ తగ్గింపు ఆపేసి చేత్తో వేసుకోండి. జీఎస్టీతో కలిపి మొత్తం మీద తగ్గిస్తోందో, సరుకు విలువ మీదే తగ్గిస్తోందో కూడా అక్కడే తేలిపోతుంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇంకోటి ఉంది. ‘ఈ రోజే కడితే తగ్గింపు, మా బ్యాంకు ఖాతా మారింది’ అంటూ మీ పేరుతో మీ షాపులకు మెయిలో వాట్సాప్ మెసేజో వెళ్లొచ్చు. మీ మెయిల్ పాస్‌వర్డ్ ఎవరి చేతికైనా చిక్కితే పాత బిల్లు పీడీఎఫ్‌లో ఖాతా నంబరు ఒక్కటి మార్చి పంపితే చాలు, అసలు బిల్లులాగే ఉంటుంది. తొందరపెట్టే ఆఫర్ మీరే అలవాటు చేశారు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. మెయిల్‌కు రెండంచెల లాగిన్ పెట్టండి. ఖాతా మారిందని ఎవరు చెప్పినా పాత నంబరుకు ఫోన్ చేసి అడిగాకే కట్టమని ప్రతి పార్టీకీ ఇప్పుడే చెప్పండి. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే 1930కి ఫోన్ చేయాలి. తెల్లారాక చూద్దామని ఊరుకుంటే ఆ సొమ్ము నాలుగు ఖాతాలు మారిపోతుంది.