డీఏపీ, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్: కిలో భాస్వరం ఏ బస్తాలో చవకగా వస్తుంది?

ప్రశ్న: "దుక్కిలో భాస్వరం వేయాలి. డీఏపీ బస్తా ఖరీదు సూపర్ బస్తాకు మూడింతలకు పైనే ఉంది. సూపర్‌లో భాస్వరం తక్కువంటారు. బస్తా ధర, దాని మీద రాసిన శాతాలు పట్టుకుని ఏది చవకో ఎలా తేల్చుకోవాలి?"

జవాబు:

మా పొలానికీ, ఇరుగుపొరుగు వారితో కలిసి చేసే ఉమ్మడి కొనుగోలుకూ ఈ లెక్క వేసే పని చాలాకాలంగా నా మీదే ఉంది. డీఏపీ, సూపర్‌ల పోలికలో తుది జవాబును చాలాసార్లు నిర్ణయించేది ఆ రెంటి ధరలు కాదు, మూడో ఎరువైన యూరియా ధర. అది ఎలాగో చూపడానికి ముందు మామూలు లెక్కను పూర్తిచేయాలి.

ఒక బస్తాలో ఉన్న అసలు పోషకం ఎంతో తెలుసుకోవాలంటే బస్తా బరువును శాతంతో గుణించి నూరుతో భాగించాలి. బస్తా ధరను ఆ వచ్చిన కిలోలతో భాగిస్తే కిలో పోషకం ధర వస్తుంది. ఇక్కడ బస్తా బరువును సంచి మీద చదివి తీరాలి; యాభై కిలోలని ఊహించుకుని లెక్క వేయకూడదు. యూరియా 45 కిలోల సంచుల్లోనూ, కొన్ని ఎరువులు 25 కిలోల సంచుల్లోనూ వస్తాయి కాబట్టి, రెండు బస్తాల ధరలను పక్కపక్కన పెట్టి చూడడం చాలాసార్లు వేర్వేరు బరువులను పోల్చడమే అవుతుంది.

ఇప్పుడు మూడు ఎరువులకు లెక్క వేద్దాం. పోషక శాతాలు ఆయా ఎరువుల మామూలు శాతాలే. ధరలు మాత్రం లెక్క సులువుగా సాగడానికి నేను అనుకున్నవి. మీకు అందే ధరలను వాటి చోట పెట్టుకోండి.

యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. 45 కిలోల బస్తాలో అది 20.7 కిలోలు. బస్తా 828 రూపాయలనుకుంటే కిలో నత్రజని 40 రూపాయలకు పడుతుంది. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌లో 16 శాతం భాస్వరం ఉంటుంది. 50 కిలోల బస్తాలో అది 8 కిలోలు. బస్తా 600 రూపాయలైతే కిలో భాస్వరం 75 రూపాయలు. డీఏపీ సంచి మీద 18-46-0 అని ఉంటుంది. 50 కిలోల బస్తాలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. బస్తా 1970 రూపాయలనుకుందాం.

డీఏపీ దగ్గరే చాలామంది లెక్క పక్కదారి పడుతుంది. 1970ని 23తో భాగిస్తే కిలో భాస్వరం దాదాపు 85 రూపాయల 65 పైసలు వస్తుంది. సూపర్‌లో 75కే దొరుకుతున్నప్పుడు డీఏపీ ఎందుకని అక్కడితో ఆగిపోతారు. కాని ఆ లెక్క బస్తా ఖరీదంతా భాస్వరం నెత్తిన వేసి, 9 కిలోల నత్రజనిని ఉచితంగా వచ్చినట్టు వదిలేసింది. 23 కిలోలనూ 9 కిలోలనూ కలిపి 32తో భాగించేవారు కూడా ఉన్నారు. అప్పుడు కిలోకు 61 రూపాయల 56 పైసలు వచ్చి డీఏపీ ఎంతో చవకగా కనబడుతుంది. విడిగా కొంటే నత్రజని ధర వేరు, భాస్వరం ధర వేరు. రెంటినీ ఒకే రాశిలో కలిపి భాగించగా వచ్చిన సంఖ్య ఏ పోషకం ధరా కాదు. అందుకే ఈ రెండు పద్ధతుల్లో దేన్నీ నేను వాడను.

సరైన దారి ఏమిటంటే, డీఏపీలో వచ్చే నత్రజనిని మీరు ఎలాగూ మరో చోట కొనవలసి ఉన్నదే కాబట్టి, దాన్ని అతి చవకగా దొరికే చోటి ధరకు, అంటే సాధారణంగా యూరియా ధరకు, విలువ కట్టి బస్తా ఖరీదులోంచి తీసివేయడం. 9 కిలోలకు కిలో 40 చొప్పున 360 రూపాయలు. 1970లోంచి అది పోగా 1610 మిగులుతుంది. దాన్ని 23తో భాగిస్తే కిలో భాస్వరం సరిగ్గా 70 రూపాయలు. ఇప్పుడు సూపర్ కన్నా డీఏపీయే కిలోకు 5 రూపాయలు చవక.

ఈ తీసివేత మీద నమ్మకం కుదరకపోతే పొలం మొత్తానికి లెక్క వేసి చూడండి. ఒక చేనుకు 46 కిలోల భాస్వరం, 60 కిలోల నత్రజని కావాలనుకుందాం. డీఏపీ దారిలో రెండు బస్తాలకు 3940 రూపాయలు; వాటితో 18 కిలోల నత్రజని వస్తుంది కనుక మిగిలిన 42 కిలోలకు యూరియా ఖర్చు 1680; మొత్తం 5620. సూపర్ దారిలో ఐదూ ముప్పావు బస్తాలకు 3450, నత్రజని అంతా యూరియా రూపంలో కొంటే 2400, మొత్తం 5850. తేడా 230 రూపాయలు. 46 కిలోలకు కిలోకు 5 రూపాయల చొప్పున వచ్చేదీ అదే. బస్తాలో ముప్పావు భాగం ఎవరూ అమ్మరు కాబట్టి నిజంగా కొనేటప్పుడు ఆరు బస్తాలు తీసుకోవాలి, తేడా మరికొంత పెరుగుతుంది.

మొదట చెప్పిన యూరియా ధర సంగతి ఇప్పుడు తేటపడుతుంది. యూరియాలో కిలో నత్రజని 40కి బదులు 20 రూపాయలకే దొరుకుతోందనుకోండి. అప్పుడు డీఏపీలోని 9 కిలోల విలువ 180కి పడిపోతుంది. మిగిలిన 1790ని 23తో భాగిస్తే కిలో భాస్వరం దాదాపు 77 రూపాయల 80 పైసలు. డీఏపీ ధర, సూపర్ ధర ఒక్క పైసా మారకపోయినా ఇప్పుడు సూపర్ చవకైంది. రెండూ సమానమయ్యే చోటును కూడా ఇలాగే పట్టుకోవచ్చు. 23 కిలోల భాస్వరాన్ని సూపర్ ధరకు, అంటే 75కు, కడితే 1725. డీఏపీ బస్తా ధరలో దానిపైన మిగిలేది 245. దాన్ని 9తో భాగిస్తే సుమారు 27 రూపాయల 20 పైసలు. యూరియాలో కిలో నత్రజని ఇంతకన్నా ఎక్కువ పడుతుంటే డీఏపీ, తక్కువ పడుతుంటే సూపర్. నేను కొనే ముందు కాగితం మీద రాసుకునేది ఈ ఒక్క సంఖ్యనే, ఎందుకంటే దాన్ని చూసిన వెంటనే నిర్ణయం ఎటు మొగ్గుతుందో, ఎంత తేడాలో మొగ్గుతుందో తెలిసిపోతుంది.

అయితే నత్రజనికి విలువ కట్టడానికి ఒక షరతు ఉంది: ఆ నత్రజని మీ పంటకు నిజంగా కావాలి. గాలిలోని నత్రజనిని వేరు బుడిపెల్లో నిలుపుకునే అపరాల పంటకు నత్రజని సిఫారసు చాలా తక్కువగా ఉంటుంది. సిఫారసు 9 కిలోల్లో సగమే అయితే సగానికే విలువ కట్టాలి. అసలు అక్కరలేకపోతే పైన కాదన్న 85 రూపాయల 65 పైసలే ఆ పంటకు సరైన ధర అవుతుంది. ఒకే రైతుకు ఒకే రోజున ఒక చేనుకు డీఏపీ, పక్క చేనుకు సూపర్ చవక కావచ్చు.

సూపర్‌కూ ఇలాంటి న్యాయమే చేయాలి. అందులో సుమారు 11 శాతం గంధకం ఉంటుంది, అంటే బస్తాకు ఐదున్నర కిలోలు. కాల్షియం కూడా ఉంటుంది. డీఏపీలో గంధకం లెక్కకు వచ్చేంత ఉండదు. పై లెక్కలో సూపర్ దారికి 230 రూపాయలు ఎక్కువైంది కదా, ఆ దారిలో దాదాపు 31.6 కిలోల గంధకం కూడా చేనుకు చేరుతుంది. అదంతా పంటకు అవసరమైతే కిలో గంధకానికి 7 రూపాయల పైచిలుకు మాత్రమే చెల్లించినట్టు. విడిగా కొనే గంధకం అంతకన్నా ఖరీదైతే సూపర్ గెలుస్తుంది. కాని నేలలో గంధకం లోపం లేకపోతే ఆ 31.6 కిలోలకు లెక్కలో విలువ లేదు. లోపం ఉండి పది కిలోలే చాలునంటే, 230ని పదితో భాగించి కిలో గంధకం 23 రూపాయలకు పడిందని చూసుకోవాలి. నూనెగింజల పంటలకు గంధకం అవసరం ఎక్కువ కాబట్టి, వాటి విషయంలో భూసార పరీక్ష చూసుకోకుండా గంధకం లెక్కను కొట్టివేయకండి. అమ్మేవారు సంచి మీది ప్రతి పోషకాన్నీ వల్లిస్తారు. మీరు మాత్రం మీకు కొనవలసిన వాటికే విలువ కట్టండి.

శాతాన్ని చదవడంలో కూడా ఒక చిక్కు ఉంది. సంచి మీద భాస్వరం శాతం సాధారణంగా P2O5 రూపంలో ఉంటుంది. కొన్ని చోట్ల దాన్ని P రూపంలో, అంటే మూలకంగా, రాస్తారు. P2O5 శాతాన్ని 0.436తో గుణిస్తే P శాతం వస్తుంది. సూపర్‌లోని 16 శాతం అలా మారిస్తే సుమారు 7 శాతం, డీఏపీలోని 46 శాతం సుమారు 20. ఒక సంచి శాతాన్ని ఒక రూపంలో, మరో సంచి శాతాన్ని ఇంకో రూపంలో తీసుకుంటే కిలో ధర రెట్టింపునకు మించి తప్పుతుంది. ఎరువు సిఫారసు ఏ రూపంలో ఉందో కూడా చూసుకుని అంతా ఒకే రూపంలోకి తెచ్చుకున్నాకే భాగించండి. పొటాష్‌కూ ఇదే వర్తిస్తుంది. K2O శాతాన్ని 0.83తో గుణిస్తే K వస్తుంది.

రాక్ ఫాస్ఫేట్‌ను ఈ పోలికలో చేర్చకండి. దాని మొత్తం భాస్వరం శాతం సూపర్ కన్నా ఎక్కువగా కనబడినా, అది నీటిలో కరగదు. ఆమ్ల నేలల్లో మెల్లగా అందుతుంది, క్షార నేలల్లో పంటకు అందేది బహు స్వల్పం. నీటిలో కరిగే భాస్వరాన్ని కరిగేదానితోనే పోల్చాలి.

ఇక మోత ఖర్చు. 46 కిలోల భాస్వరానికి డీఏపీ నూరు కిలోలు మోస్తే చాలు, సూపర్ 287.5 కిలోలు మోయాలి. రవాణా, దింపుడు కలిపి బస్తాకు 20 రూపాయలనుకుంటే సూపర్‌లో కిలో భాస్వరం మీద రెండున్నర రూపాయలు పడతాయి, డీఏపీలో రూపాయి కూడా పడదు. దూరం పెరిగేకొద్దీ ఈ తేడాయే నిర్ణయాన్ని తిప్పేయగలదు కాబట్టి, బస్తా ధర అంటే అంగడిలో చెప్పిన ధర కాకుండా చేను గట్టుకు చేరిన ధర వేసుకోండి.

సూపర్ దారినే ఎంచుకుంటే యూరియాను దానితో కలిపి నిల్వ పెట్టకండి. రెండూ కలిసిన కుప్ప తేమ వదిలి, గుళికలు ఒకదానికొకటి అంటుకుని, చేతిలోకి తీసుకుంటే తడి ఇసుకలా ముద్ద కడుతుంది. ఎరువు చల్లే యంత్రంలోంచి అది దిగదు. కలపక తప్పకపోతే చల్లే ముందే, అప్పటికి సరిపడా మాత్రమే కలుపుకోవాలి. లేదా సూపర్‌ను దుక్కిలో వేసి, యూరియాను పైపాటుగా విడిగా వేసుకోవాలి. రెండోసారి చల్లడానికి కూలి అదనంగా అవుతుంటే దాన్ని కూడా సూపర్ పద్దులోనే రాయండి. డీఏపీ వేసినా పైపాటు యూరియా ఎలాగూ తప్పని పంటకైతే ఆ కూలి రెండు దారుల్లోనూ ఉంటుంది కనుక పోలికలోకి తేనక్కరలేదు.